హాస్టల్లో చేరిన మొదటి వారం అమ్మకు రాసే ఉత్తరం: ఎంతవరకు దిద్దాలి?

పాలమూరు టీచరమ్మ

నేను ఆడపిల్లల గురుకులంలో తెలుగు చెబుతాను. జూన్ 12న బడి తెరిచారు. ఐదో తరగతిలోకి కొత్త పిల్లలొచ్చారు. అందరికీ పదేళ్లు, అటూ ఇటూ. ఇల్లు వదిలి ఉండటం చాలామందికి ఇదే మొదలు. మొదటి వారం పూర్తయ్యేసరికి ఒక్కొక్కరి చేతికి ఒక ఇన్లాండ్ లెటర్ ఇచ్చి అమ్మకు రాయిస్తాం.

ఒక పాప ముందు నోటు బుక్కులో రాసుకున్న చిత్తుప్రతి ఇది:

"పూజ్యురాలైన అమ్మగారికి మీ కుమార్తె నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. మీరు అక్కడ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మా పాఠశాల చాలా బాగుంది. ఉపాధ్యాయులు బాగా బోధిస్తున్నారు. భోజనం రుచిగా ఉంది. స్నేహితులు మంచివారు. నేను బాగా చదివి మీకు మంచి పేరు తెస్తాను. ఇట్లు, మీ విధేయురాలైన కుమార్తె."

ఒక్క అక్షరదోషం లేదు. కానీ ఈ పాప రోజూ సాయంత్రం మెట్ల మీద ఒక్కతే కూర్చుంటోంది. జడ వేసుకోవడం రాక ఏడో తరగతి అమ్మాయి దగ్గరికి వెళ్తోంది. ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు పక్క మంచాల వాళ్లకు పంచిపెట్టింది. ఇందులో ఒక్కటీ ఉత్తరంలోకి రాలేదు. పక్క పిల్ల ఉత్తరం తీసి చూస్తే అందులోనూ ఇవే వాక్యాలు.

ఏం చెప్పి రాయించాలి? ఎంతవరకు దిద్దాలి? పిల్లలకు రాయించినవాళ్లూ, హాస్టల్లో ఉండి ఇంటికి రాసినవాళ్లూ చెప్పండి.

డీఎస్సీ అభ్యర్థి

మేడం, ఉత్తరానికి ఒక పద్ధతి ఉంది, అది తప్పితే పరీక్షలో మార్కులు పోతాయి. కుడివైపు పైన స్థలం, తేదీ. ఎడమవైపు సంబోధన. దాని కింద 'విషయం' అని ఒక వరుస. తర్వాత అసలు సంగతి, ముగింపు, సంతకం, చివర పెట్టెలో చిరునామా. పాప రాసినదాంట్లో స్థలం, తేదీ, విషయం మూడూ లేవు. ముందు అవి నేర్పండి. వాడుక మాటలు రానివ్వకండి, ఇప్పుడు అలవాటైతే పదో తరగతి దాకా పోవు.

ఏలూరు మాస్టారు

తమ్ముడూ, స్థలం, తేదీ సంగతిలో నీ మాట నిజం. అవి కచ్చితంగా ఉండాలి. ఉత్తరం చేతికి అందేసరికి కొన్ని రోజులు గడుస్తాయి కదా, పైన తేదీ ఉంటేనే "నిన్న జ్వరం వచ్చింది" అన్నప్పుడు ఆ నిన్న ఏ రోజో తల్లికి తెలుస్తుంది. 'విషయం' వరుస మాత్రం అధికారులకు రాసే లేఖల్లోది. మండల విద్యాధికారికి రాసేటప్పుడు పెట్టాలి. అమ్మకు రాసేటప్పుడు అక్కర్లేదు.

టీచరమ్మగారూ, నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా సలహా ఒక్కటే. ఆ పాప ఇంట్లో అమ్మను ఎలా పిలుస్తుందో అడగండి. "అమ్మా, నువ్వు" అని పిలిచే పిల్లతో "అమ్మగారికి, మీరు" అని రాయిస్తే మొదటి వరుసలోనే ఆమె గొంతు పోతుంది. తర్వాత వచ్చే వాక్యాలన్నీ ఆ మొదటి వరుస దారినే పోతాయి. "పూజ్యురాలైన" తర్వాత తొక్కు సంగతి ఎలా రాస్తుంది పాపం?

పాత సంబోధనలు వద్దనడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. వెనకటి ఉత్తరాల్లో భర్త ఉన్న స్త్రీకి "లక్ష్మీసమానురాలైన" అని, భర్త పోయినామెకు "గంగాభాగీరథీసమానురాలైన" అని రాసేవారు. కవరు విప్పగానే ఆమె స్థితి ముందు నిలబడేది. మీ తరగతిలో తండ్రి లేని పిల్లలుంటారు. మాదిరి లేఖలోంచి ఏదో ఒక సంబోధన ఎత్తి అందరితో రాయించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. "అమ్మకు" అని రాస్తే ప్రతి తల్లికీ సరిపోతుంది.

కూకట్‌పల్లి నాన్న

మా అమ్మాయిని ఇంటర్ మొదటి ఏడాది హాస్టల్లో వేశాం. ఆదివారం ఒక్కసారే ఫోన్ మాట్లాడనిస్తున్నారు. కూరలో నూనె ఎక్కువట, స్టడీ అవర్ రాత్రి పదిన్నర దాకానట. హాస్టల్ మార్పిద్దామా అని ఆలోచిస్తున్నాం. ఆడపిల్లలకు మంచి హాస్టల్ ఏదో తెలిసినవాళ్లు చెప్పగలరా?

పాలమూరు టీచరమ్మ

అన్నా, హాస్టల్ ఎంపిక గురించి విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఇక్కడ ఉత్తరం సంగతి మాట్లాడుకుంటున్నాం. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఫోన్‌లో మాట్లాడే కొన్ని నిమిషాలూ వెనక వరుసలో ఇంకా పిల్లలు నిలబడి ఉంటారు. మీ అమ్మాయిని ఒక కాగితం మీద నింపాదిగా రాయమనండి. నూనె కాక ఇంకేమైనా ఉంటే అందులో బయటపడుతుంది.

నర్సమ్మ బిడ్డ

టీచర్ గారూ, నేను హాస్టల్లో చదువుకునే నర్సునయ్యాను. ఒకటి అడుగుతాను. ఆ పాప వాళ్లమ్మకు చదవడం వచ్చా?

మా అమ్మకు రాదు. నా ఉత్తరం వస్తే పక్కింటి పెదనాన్న కొడుకు అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు. అమ్మ, నాయనమ్మ, ఎదురింటి అత్త అందరూ వినేవాళ్లు. ఏడో తరగతిలో నేను పెద్దమనిషినయ్యే రోజుల్లో అమ్మకు చెప్పాల్సినవి ఎన్నో ఉండేవి. అవన్నీ అన్న నోటితో చదివించుకోవాలి కదా అని "నేను బాగున్నాను" అని రాసి ఊరుకునేదాన్ని. మీ పిల్లలు కూడా చదివేది ఎవరో, వినేది ఎవరో తెలిసే రాస్తున్నారు. అందుకే అవే వాక్యాలు.

ఉత్తరం ఎవరు చదివిపెడతారో ముందు అడగండి. దాన్నిబట్టి రాయించండి. అందరి ముందు చదవదగ్గవి ఉత్తరంలో రాయాలి. అమ్మ ఒక్కదానికే చెప్పాల్సింది ఉంటే "వచ్చినప్పుడు నీతో ఒక మాట చెప్పాలె" అని ఒక్క వాక్యం చాలు. తల్లికి అర్థమవుతుంది. మా అమ్మ ఆ వాక్యం వింటే ఆ వారంలోనే బస్సెక్కేది.

పాలమూరు టీచరమ్మ

అక్కా, ఇది నాకు చాలా పనికొచ్చింది. ఈరోజు తరగతిలో అడిగాను. చాలామంది తల్లులకు చదవడం రాదు. కొందరికి నాన్న చదివిపెడతాడు, కొందరికి అంగన్‌వాడీ టీచర్. ఈ పాప ఇంట్లో మూడో తరగతి చదివే తమ్ముడు చదువుతాడట. అంటే వాడికి అర్థమయ్యేలా రాయాలి. "తలుస్తాను", "విధేయురాలు" దగ్గర వాడు ఆగిపోతాడు. చిన్న వాక్యాలు రాయాలి, అక్షరాలు పెద్దగా, విడివిడిగా ఉండాలి. ఈ సంగతి చెప్పగానే పాప తనంతట తానే కలం తీసుకుంది.

ఆసిఫాబాద్ అన్న

నేను ఆశ్రమ పాఠశాలలో చదివాను. మా ఇంట్లో గోండి మాట్లాడతాం. బళ్లో నేర్చిన తెలుగులో రాస్తే, ఊళ్లో చదువుకున్న అన్న చూసి అమ్మకు గోండిలో చెప్పేవాడు. అమ్మ మాట్లాడే భాష ఒకటి, నేను రాసే భాష ఒకటి. "ఉభయకుశలోపరి"ని ఆయన గోండిలో ఏమని చెబుతాడు? దాటేసేవాడు. "ఎడ్లు బాగున్నాయా, చెల్లె జ్వరం తగ్గిందా" అని అడిగితే మాత్రం మాటకు మాట చెప్పేవాడు. అమ్మ ఇచ్చిన జవాబులు నా చేతికి వచ్చే ఉత్తరంలో ఉండేవి.

అందుకని పిల్లలతో ప్రశ్నలు రాయించండి టీచర్ గారూ. మొదటి వారంలో పిల్ల తన కబుర్లే నింపేస్తే తిరిగి రాయడానికి తల్లికి ఏమీ ఉండదు. ఎడ్ల గురించి అడిగితే ఉంటుంది.

డీఎస్సీ అభ్యర్థి

అర్థమైంది. అయినా ఒక సందేహం. యాసలో రాయనిస్తే పరీక్షలో ఏం చేస్తారు? దిద్దేవాళ్లు ఒప్పుకోరు కదా.

ఏలూరు మాస్టారు

పరీక్షకు వేరే రోజున, వేరే కాగితం మీద నేర్పవచ్చు. "మీరు హాస్టల్లో చేరారనుకుని అమ్మకు లేఖ రాయండి" అన్న ప్రశ్నకు అమ్మ లేదు, పాఠకుడు పరీక్షకుడే. ఇక్కడ నిజం తల్లి ఉంది, నిజంగా పోస్టులో వేసే కాగితం ఉంది. ఈ రెండూ వేర్వేరు పనులని ఐదో తరగతి పిల్లకు కూడా తెలుస్తుంది. పాలమూరు పిల్ల "మంచిగున్న" అని రాస్తే నేను కలం ముట్టను. ఒత్తు తప్పి అర్థం మారితే మాత్రం దిద్దుతాను.

పాలమూరు టీచరమ్మ

పాప మళ్లీ రాసింది. పేర్లు తీసేసి పెడుతున్నాను. ఇలా నలుగురికి చూపించవచ్చా అని తనను అడిగాను, సరేనంది.

"అమ్మకు,

నేను మంచిగున్న. నువ్వు, నాయిన, తమ్ముడు మంచిగున్నరా? నాయనమ్మ మోకాళ్లనొప్పి తగ్గిందా?

నా మంచం కిటికీ పక్కకుంది. పైమంచం మీద నారాయణపేట పిల్ల పంటది. ఆమె రాత్రి నిద్రల మాట్లాడ్తది. పొద్దున ఐదింటికి గంట కొడ్తరు. నల్లా కాడ లైను ఉంటది. అందుకే గంట కంటె ముందే లేస్తున్న. పొద్దున ఉప్మా, ఒక్కోరోజు కిచిడి. పగటీలి అన్నం, పప్పు, గుడ్డు. కూరల కారం తక్కువ. నీ తొక్కు కలుపుకుంటున్న. అందరం తిన్నం, సగం అయింది.

మొదట్ల రెండు రాత్రులు ఏడ్చిన. పొద్దుగూకంగ నువ్వు చేన్ల నుంచి వచ్చే యాల్లకు యాదికొస్తవ్. నిన్న ఆ యాల్లకు కబడ్డి ఆడినం. నిన్న ఏడ్వలే.

జడ ఏడో తరగతి అక్క వేస్తున్నది. నేను నేర్చుకుంటున్న.

మన దిక్కు వాన పడ్డదా? పత్తిగింజలు పెట్టిండ్రా? మేక ఈనిందా?

నువ్వు వచ్చేటప్పుడు తలనూనె, పెట్టెకు ఇంకో తాళంచెవి, తొక్కు తే. తమ్ముడా, అమ్మకు మెల్లగ చదువు.

నీ బిడ్డ"

ఇందులో నాకు తెగనిది ఒక్కటే. "రెండు రాత్రులు ఏడ్చిన" అన్న వాక్యం. మా తోటి టీచర్ తీసేయమంటున్నారు. తల్లి భయపడి వచ్చి తీసుకెళ్లిపోతుందంటున్నారు. పోయిన ఏడాది అలా ఒక పిల్ల వెళ్లిపోయింది కూడా.

నర్సమ్మ బిడ్డ

తీయకండి. దాని పక్కనే "నిన్న ఏడ్వలే" ఉంది కదా. వెళ్లిపోయిన పిల్ల ఏమని రాసిందో నాకు తెలియదు కానీ, తల్లిని పరుగెత్తించేది "నాకు ఇక్కడ వద్దు, వచ్చి తీస్కపో" అన్న మాట. అది కూడా ఏ రాత్రి రాసిందన్నదాన్నిబట్టి ఉంటుంది. పిల్ల దిగులుగా ఉన్న రాత్రి రాస్తుంది, ఉత్తరం మూడు నాలుగు రోజులకు అందుతుంది. ఆ రోజుకు పిల్ల ఆడుకుంటూ ఉంటుంది, తల్లి ఇంట్లో ఏడుస్తూ ఉంటుంది. అందుకే సాయంత్రం స్టడీ అవర్‌లో రాయించకండి. హాస్టల్ పిల్లకు రోజులో కష్టమైన వేళ అదే. పొద్దున తిని, స్నానం చేశాక రాయించండి.

ఇంకో సంగతి. దిగులుకు, నిజమైన కష్టానికి తేడా ఉత్తరంలో కనిపిస్తుంది. దిగులు పడే పిల్ల ఇంటి గురించి ఎక్కువ రాస్తుంది, ఇక్కడివి కూడా నాలుగు రాస్తుంది. కష్టంలో ఉన్న పిల్ల ఉత్తరంలో ఇక్కడి మనుషులు ఉండరు, లేకపోతే ఒకే మనిషి పేరు పదే పదే ఉంటుంది. దానితోపాటు రోజూ పొద్దున కడుపునొప్పి అనడం, అన్నం వదిలేయడం, పక్క తడపడం కూడా ఉంటే ఉత్తరం సంగతి పక్కనపెట్టి పిల్లను పిలిచి కూర్చోబెట్టుకోవాలి.

బ్రాంచి పోస్టుమాస్టర్

నేను పల్లెలో బ్రాంచి పోస్టాఫీసు చూస్తాను. ఉత్తరంలో ఏముందన్నది మీరంతా బాగా చెప్పారు. అది ఇంటికి చేరే సంగతి నేను చెబుతాను. జూన్, జూలైల్లో హాస్టళ్ల నుంచి వచ్చే వాటిలో ఇల్లు దొరకనివి ఉంటాయి.

పిల్లలు "అమ్మకు, మా ఊరు" అన్నంత పని చేస్తారు. తల్లి పేరు ఒక్కటే రాస్తే ఊళ్లో ఆ పేరు గలవాళ్లు నలుగురుంటారు. ఇంటిపేరుతో తల్లి పేరు, కేరాఫ్ తండ్రి లేదా తాత పేరు, వాడ లేదా గుర్తు, ఊరు, పోస్టు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ రాయించండి. ఊరు, పోస్టు రెండూ ఒకటే కావాలని లేదు. చిన్న తండాలకు, గూడేలకు పోస్టాఫీసు పక్క ఊళ్లో ఉంటుంది. జిల్లా దగ్గర ఇంకా తికమక. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు మారాయి. ఆధార్ మీద పాత జిల్లా ఉంటే పిల్ల అదే ఎక్కిస్తుంది. పిన్‌కోడ్ ఆరంకెలూ సరిగ్గా ఉంటే జిల్లా పాతదైనా ఉత్తరం వస్తుంది. పిన్ తప్పితే ఎక్కడెక్కడో తిరుగుతుంది. కాబట్టి అడ్మిషన్ ఫారం చూసి పిన్ రాయించి, ఒకసారి సరిచూడండి.

ఇన్లాండ్ లెటర్ రెండున్నర రూపాయలు. దానిలోపల ఏమీ పెట్టకూడదు, దాని మీదే అచ్చువేసి ఉంటుంది. పిల్లలు బొమ్మలు గీసిన కాగితం, ఫొటో మడిచి పెడతారు. అలాంటివి పంపాలంటే కవరు తీసుకుని ఐదు రూపాయల స్టాంపు అంటించాలి, ఇరవై గ్రాముల దాకా అది సరిపోతుంది. స్టాంపు తక్కువైతే బేరింగు పడుతుంది, ఆ డబ్బు తల్లి కట్టుకోవాలి. జిగురు అంచులు తడిపి అంటించేటప్పుడు అక్షరాల మీదికి తడి పోనివ్వద్దు. ఇంకు పెన్నుతో రాస్తే అలుక్కుపోయి చదవడానికి రాదు, బాల్‌పెన్నే ఇవ్వండి.

పాలమూరు టీచరమ్మ

చాలా థాంక్స్ అన్నా. ఈ పాప ఊరు, పోస్టు వేరువేరని మీరు చెప్పాకే అడిగి తెలుసుకున్నాం. వాళ్లది తండా.

ఆసిఫాబాద్ అన్న

టీచర్ గారూ, ఒకటి అడగొచ్చా? అంటించే ముందు ఈ ఉత్తరాలన్నీ మీరు చదువుతారా?

పాలమూరు టీచరమ్మ

అందరివీ చూస్తాం. చిన్నపిల్లలు, చిరునామా తప్పు రాస్తారు, ఏదైనా బాధ ఉంటే మాకు కూడా ఇందులోనే తెలుస్తుంది.

ఆసిఫాబాద్ అన్న

మా వార్డెన్ చదివేవాడు. అన్నంలో పురుగులు వచ్చాయని ఒకడు రాస్తే ఆ ఉత్తరం పోలేదు. ఆ తర్వాత ఎవరూ అన్నం గురించి రాయలేదు. "భోజనం రుచిగా ఉంది" అన్న వాక్యం మాకు అలా అలవాటైంది. మీరు అలాంటివారు కాదని మీ మాటలోనే తెలుస్తోంది. కానీ పిల్లకు అది ఎలా తెలుస్తుంది? చదివే టీచర్ ముందు ఆ టీచర్ గురించి ఎవరు రాస్తారు? చిరునామా మీరు రాసివ్వండి, లోపలిది మాత్రం పిల్ల అంటించాకే తీసుకోండి.

ఏలూరు మాస్టారు

నేను ఇందులో సగం ఒప్పుకుంటాను. పదో తరగతి పిల్ల ఉత్తరం చదవడం తప్పే. ఐదో తరగతి పిల్లకు మొదటి ఉత్తరం రాయడం నేర్పుతున్నప్పుడు చూడకుండా ఎలా? మొదటిది కలిసి చూసి, రెండోదాని నుంచి అంటించి ఇవ్వమంటే బాగుంటుంది.

నర్సమ్మ బిడ్డ

మాస్టారూ, చిక్కంతా మొదటిదాంతోనే వస్తుంది. ఏది రాయొచ్చో, ఏది రాయకూడదో పిల్ల మొదటిదాంతోనే నేర్చుకుంటుంది. నోటు బుక్కులో చిత్తుప్రతి చూసి ఆపేయండి టీచర్ గారూ. ఇన్లాండ్ మీద ఎక్కించేది తనను ఒక్కదాన్నే ఎక్కించనివ్వండి, ఇంకో రెండు వాక్యాలు కలుపుకుంటే కలుపుకోనివ్వండి. ఉత్తరంలో రాయలేని కష్టం ఉంటే ఫోన్ చేయడానికి 1098 నంబరు గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో రాసి ఉందా?

పాలమూరు టీచరమ్మ

నంబరు వరండాలో ఉంది, కానీ ఆఫీసు గది పక్కన. డార్మిటరీ గోడ మీద కూడా రాయించమని ప్రిన్సిపల్ గారిని అడుగుతాను.

చదవడం గురించి మా టీచర్లలోనే రెండు మాటలున్నాయి. వార్డెన్ గారు అన్నీ చూడాల్సిందే అంటున్నారు, పిల్లలకు ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది ఆమే. ఈసారికి నా తరగతి వరకు అక్క చెప్పినట్టు చిత్తుప్రతి మాత్రమే చూశాను. రేపు పొద్దున నాష్టా అయ్యాక ఇన్లాండ్ మీద ఎక్కిస్తారు, అంటించి వాళ్లే డబ్బాలో వేస్తారు. ఇందాక పాప వచ్చి, చివర్లో కొంచెం జాగా మిగిలింది, మేక బొమ్మ గీయొచ్చా అని అడిగింది. లోపల కాగితం పెట్టకూడదు గానీ దాని మీదే గీయొచ్చు కదా పోస్టుమాస్టర్ అన్నా?

బ్రాంచి పోస్టుమాస్టర్

భేషుగ్గా గీయొచ్చు. చిరునామా వైపు మాత్రం గీయనివ్వకండి.